పదకొండో పేజీ తర్వాత

మా ఆఫీసు పాత ఫైళ్ళలో ఒక మెమో ఉంది. ఒక కంప్యూటర్ ఆపరేటర్ నిర్లక్ష్యం వల్ల అర్హుల జాబితా అసంపూర్ణంగా ప్రచురితమైందనీ, ఆమె సేవలు ఇక అవసరం లేదనీ అందులో ఉంటుంది. ఆ వాక్యాలు చెప్పి రాయించింది నేను. అవి అబద్ధాలు. జరిగింది వేరే.

కొత్త జిల్లాలు ఏర్పడిన తర్వాతి సంవత్సరం. నల్లగొండ వైపు ఒక చిన్న ఊళ్ళో ప్రభుత్వ ఆఫీసుకు నేను సూపరింటెండెంటును. తండాల్లో, పల్లెల్లో పిల్లల కేంద్రాలకు ఆయాలను తీసుకోవడానికి దరఖాస్తులు పిలిచాం. మూడు వందల పైచిలుకు వచ్చాయి. పరిశీలించి జాబితా తయారుచేసి బోర్డు మీద అంటించాలి, పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాలి. అభ్యంతరాలకు, కాగితాలు తక్కువైన వాళ్ళు తెచ్చి చూపించడానికి మూడు రోజుల గడువు.

జాబితా చేసింది ఆపరేటర్. అవుట్‌సోర్సింగ్ మీద వచ్చిన అమ్మాయి, ఇరవై ఏడేళ్ళుంటాయి. దేవరకొండ అవతలి పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. వాళ్ళ ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం దొరికింది మొదట ఆమెకే. ఆ సంగతి ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఒకసారి వాళ్ళ బాపు ఆఫీసు చూడ్డానికి వచ్చి, గుమ్మం అవతలే చెప్పులు విడిచి, కూతురు కంప్యూటర్ ముందు కూర్చున్న వైపే కాసేపు చూసి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడు. దాన్నిబట్టి నాకు తెలిసింది. మరునాడు నేను ఆమెతో, "మీ నాయిన గుడికచ్చినట్టు చెప్పులిడిసిండు గదమ్మా, కొబ్బరికాయ తేలేదా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది?

జాబితాలో పన్నెండు కాలమ్‌లు. క్రమసంఖ్య, పేరు, భర్త పేరు, ఊరు, పుట్టిన తేదీ, చదువు, మార్కులు, ఇలా వెళ్ళి చివర "రిమార్కులు". ఇక్కడ మా ఆఫీసు అలవాటు ఒకటి చెప్పాలి. మా రిజిస్టర్లన్నిటిలో చివరి గడి రిమార్కులే. అందులో ఎవరూ ఏమీ రాయరు. నేను ఉద్యోగంలో చేరిననాటి నుంచీ అది ఖాళీగా ఉండటమే చూశాను. రాస్తే రేపు ఎవరో అడుగుతారు, ఎందుకొచ్చిన గోల అని. ఆ అమ్మాయికి ఈ అలవాటు తెలియదు. ఎవరికి ఏ కాగితం తక్కువైందో, గడువులోగా ఏది తెచ్చి చూపించాలో, అందులోనే రాసింది. అది రాయాల్సిన చోటే అది.

ఆ రోజు పొద్దున పదకొండింటికి ప్రింటు తీసి మా మేడం బల్ల మీద పెట్టింది. మేడం అంటే మా ఆఫీసరు. లీగల్ సైజు కాగితం, అడ్డంగా. పన్నెండు కాలమ్‌లూ ఒకే వెడల్పులో పట్టేటట్టు పెట్టింది. ప్రతి పేజీ పైన శీర్షికల వరుస మళ్ళీ వచ్చింది. ఒక్క అక్షరం తెగలేదు. కాకపోతే అన్నీ ఒక వెడల్పులో ఇమడాలంటే కంప్యూటర్ అక్షరాలను కుదిస్తుంది. చిన్నగా ఉన్నాయి.

మేడం కళ్ళద్దాలు ఎత్తి చూసి, దించి చూసి, కాగితాలు నా వైపు నెట్టింది.

"చీమలు పారినట్టున్నయి గదయ్యా. ఎవలకు కనవడ్తయి ఇవి? జర పెద్దగ చేయించుండ్రి. మూడు గంటలకు బోర్డు మీద ఉండాలె."

ఆ ప్రింటును నా సొరుగులో పడేశాను. అదక్కడ ఉందని గుర్తుపెట్టుకోండి.

ఒంటిగంటన్నరకు ఆ అమ్మాయి అన్నానికి వెళ్ళింది. ఆమెను పిలిచి చెబితే సరిపోయేది. పిలవలేదు. నాకూ కంప్యూటర్ వచ్చని అనిపించుకోవాలని నాకు ఎప్పుడూ ఉండేది. టైపు మిషను పరీక్ష పాసై వచ్చినవాణ్ణి. నా కళ్ళ ముందు చేరిన పిల్లలు టకటకా చేస్తుంటే ఒళ్ళు మండేది. ఆమె సీట్లో కూర్చున్నాను. పాస్‌వర్డ్ అందరికీ తెలిసిందే, ఆఫీసంతా ఆమె పేరు మీదే లోపలికి వెళ్ళేది.

ఒకే వెడల్పులో పట్టాలన్న అమరిక తీసేసి, నూరు శాతం అని పెట్టాను. అక్షరాలు బాగా పెద్దవయ్యాయి. కాగితం ఏ-ఫోర్‌కు మార్చాను, లీగల్ సైజు కాగితాలు అయిపోయాయి కాబట్టి. వెంటనే షీటు మధ్యలో నిలువుగా చుక్కల గీత వచ్చింది. కాగితం అక్కడితో అయిపోతుంది, గీతకు అవతల ఉన్నది వేరే పేజీకి పోతుంది అని దాని అర్థం. అవతల నాలుగు కాలమ్‌లు పడ్డాయి. సరే, కాలమ్‌లు సన్నం చేస్తే ఇవతలికి వస్తాయి కదా అని ఒక్కోదాన్నీ నొక్కుతూ పోయాను. పుట్టిన తేదీల చోట వరుసగా ### గుర్తులు వచ్చాయి. తేదీ పట్టేంత జాగా లేకపోతే అట్లా వస్తుందని అప్పుడు తెలియదు, పాడైపోయాయేమోనని భయపడ్డాను. కొంచెం వెడల్పు చేస్తే మళ్ళీ తేదీలు కనిపించాయి. పేర్లు రెండేసి లైన్లయి వరుసలు ఎత్తు పెరిగాయి; చూడ్డానికి బాగాలేదని అన్ని వరుసలనూ ఒకే ఎత్తుకు బిగించాను. దాంతో కొందరి భర్తల పేర్లలో రెండో లైను గడి అడుగున కూరుకుపోయింది. అది నేను చూడలేదు.

చివరికి చుక్కల గీతకు అవతల ఒక్క కాలమే మిగిలింది. రిమార్కులు.

పీడీఎఫ్ చేశాను. ఇరవై రెండు పేజీలు వచ్చింది. మొదటి పదకొండు పేజీల్లో పేర్లు, ఊళ్ళు, మార్కులు, అక్షరాలు పెద్దగా, చక్కగా. పన్నెండో పేజీ నుంచి ఒక సన్నటి పట్టీ, పైన "రిమార్కులు" అన్న శీర్షిక, కింద ఖాళీ గళ్ళు. వెడల్పు పట్టకపోతే యంత్రం ముందు ఎడమ సగాన్ని పై నుంచి కింది దాకా ముగించి, ఆ తర్వాత కుడి సగాన్ని మొదలుపెడుతుంది. అందుకే ఒక మనిషి పేరు మూడో పేజీలో ఉంటే ఆమె రిమార్కు పద్నాలుగో పేజీలో, ఎవరిదో తెలియకుండా, అనాథలాగా పడి ఉంటుంది.

ఇప్పుడు రాయడానికి కష్టంగా ఉన్న మాట రాస్తాను. అన్ని గళ్ళూ ఖాళీ కావు. పద్నాలుగో పేజీలో ఒక గడిలో రెండు లైన్లు కనిపించాయి. చూశాను. ఎవరిదో పక్కన పేరు లేదు. వెతికితే దొరికేది. రెండు దాటింది, మూడింటికి బోర్డు మీద ఉండాలి, రిమార్కుల్లో ఏముంటుందిలే అనుకున్నాను. ఒకటి నుంచి పదకొండు పేజీల వరకే అని పెట్టి మళ్ళీ పీడీఎఫ్ చేసి, ఆమె పొద్దున చేసిన ఫైలు మీదే, అదే పేరుతో భద్రం చేశాను. మేడం చూసి, "గిట్ల ఉండాలె" అని సంతకం చేసింది. అటెండరు మైదా జిగురు ఉడికించి పదకొండు కాగితాలు బోర్డుకు అంటించాడు. గ్రూపుల్లోకి పీడీఎఫ్ నా ఫోను నుంచి కాదు, ఆఫీసు ఫోను నుంచి వెళ్ళింది.

ఆ అమ్మాయి అన్నం తిని వచ్చి బోర్డు దగ్గర ఆగింది. లోపలికి వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"సార్, చివరి కాలం కనవడ్తలేదు సార్."

"ఏ కాలమమ్మా?"

"రిమార్కులు సార్. మందికి కాగితాలు తెమ్మని రాసిన అందుల. పక్క పేజీలకు పోయినట్టుంది. పది నిమిషాలల్ల సరిచేసిస్త, మళ్ళ అంటిద్దాం."

అటెండరు విన్నాడు. పక్క సీట్ల వాళ్ళు తలెత్తి చూశారు. నేను చేసిన పని తప్పని, ఇరవై ఏళ్ళు చిన్నదైన మనిషి అందరి ముందు చెప్పింది. నాకు వినిపించింది అంతే.

"మేడం సంతకమైనంక మళ్ళ మారుస్తవా? నువ్వేమన్న కలెక్టర్‌వా? పోయి నీ పని జూస్కో."

ఆమె ఇంకా ఏదో అనబోయింది. "పో" అన్నాను. వెళ్ళింది.

మూడు రోజులు గడిచాయి. ఐదో రోజు ఒక తండా నుంచి ఒకామె వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. చిన్నప్పుడే ఒక కాలు చచ్చుబడింది. మోకాలి మీద చెయ్యి పెట్టి, ఒక్కో అడుగుకూ ఒళ్ళంతా వంచి నడుస్తుంది. మార్కుల్లో ఆ కేంద్రానికి ఆమే ముందు. వికలాంగుల సర్టిఫికెట్ అసలు ప్రతి చూపించలేదని ఆమె దరఖాస్తును పక్కన పెట్టి, రెండో ఆమెను ఎంపిక చేసినట్టు అప్పటికే కాగితం వెళ్ళిపోయింది. చూపించమని ఎక్కడ చెప్పాం? పద్నాలుగో పేజీలో. ఆ రెండు లైన్లు ఆమెవే.

ప్లాస్టిక్ కవర్లోంచి సర్టిఫికెట్ తీసి నా బల్ల మీద పెట్టింది.

"నా తాననే ఉండె సారూ. బీరువల ఉండె. తెమ్మంటే గా దినమే తెస్తుంటి. లిస్టుల నా పేరుండె, మార్కులుండె. ఇంకేం రాయలే. రాయనిది నాకెట్ల తెలుస్తది?"

"గడువైపోయిందమ్మా," అన్నాను.

"గడువెప్పుడు పెట్టిన్రు? నాకు జెప్పకుంట నాకు గడువు పెడ్తరా?"

మరునాడు ఆమె తమ్ముడు ఆమెను వెంటబెట్టుకుని పది మందితో వచ్చాడు. అందరూ ఫోన్లు పైకెత్తి బోర్డును వీడియో తీశారు. పైవాళ్ళ నుంచి మేడంకు ఫోను వచ్చింది. ఆమె ఫోను పెట్టేసి బయటికి వచ్చింది. హాల్లో అందరినీ పిలిచి, తండా వాళ్ళ ముందే, అడిగింది.

"లిస్టు ఎవలు చేసిన్రు?"

అందరూ ఆపరేటర్ వైపు చూశారు.

"నేను అన్ని కాలాలు పెట్టే చేసిన మేడం," అంది ఆ అమ్మాయి. "పొద్దున మీకు ఇచ్చినదాంట్ల ఉండె. అన్నానికి పోయచ్చేటాల్లకు మారింది."

మేడం నా వైపు తిరిగింది. "పొద్దున చిన్నక్షరాలది ఒకటి చూసిన గద. అందుల ఉండెనా?"

ఆ ప్రింటు నా మోచేతి కింద సొరుగులో ఉంది. తీసి చూపిస్తే అయిపోయేది. నేను అన్నాను:

"నాకు యాదిలేదు మేడం. పెద్దగ చెయ్యమని ఈ అమ్మాయికే చెప్పిన. ఏం చేసిందో."

"సార్, మీరు నాకు చెప్పలే..."

"మరి ఎవలు మార్చిన్రమ్మా? మీ సిస్టంల దయ్యాలున్నయా?"

ఎవరో నవ్వారు. నేను ఆగలేదు. ఎందుకు ఆగలేదో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. అక్కడికి నా గండం గడిచినట్టే కదా. "ఏడ నేర్చుకున్నవమ్మా కంప్యూటరు? కోర్సు చేసినవా, సర్టిఫికెట్ కొన్నవా?" అన్నాను. "ఇప్పుడు అందరి ముందట చేసి చూపియ్యి. వస్తదో రాదో తేలిపోతది."

ఆమె కూర్చుంది. వెనక ఇరవై మంది నిలబడ్డారు. తండా ఆమెకు మాత్రం స్టూలు వేశారు. ఆ అమ్మాయి మౌస్ దగ్గరికి లాక్కుంది. పేజీలు ఎక్కడ తెగుతున్నాయో చూపించే దృశ్యం తెరిచింది. రిమార్కుల ముందు నీలం గీత నిలువునా కనిపించింది. "ఇగో, గీడికి కాగితమైపోయింది. ఇది అవతల పేజీకి పడ్డది," అంది, ఎవరినీ చూడకుండా. వెడల్పు ఒకే పేజీకి పట్టాలి, ఎత్తు ఎన్ని పేజీలైనా కానీ అని పెట్టింది. శీర్షికల వరుస ప్రతి పేజీకి వచ్చేటట్టు చేసింది. ఎప్పుడైనా వెడల్పు తెగితే రెండో సగానికి కూడా పేర్లు తోడు రావాలని, క్రమసంఖ్య, పేరు ఉన్న కాలమ్‌లు ఎడమ వైపు మళ్ళీ వచ్చేటట్టు పెట్టింది. నేను బిగించిన వరుసల ఎత్తు విడిచిపెట్టింది. కూరుకుపోయిన భర్తల పేర్లన్నీ ఒక్కసారి పైకి వచ్చాయి. అక్షరాలు చిన్నవి కాకుండా, అక్కర్లేని వెడల్పు ఉన్న కాలమ్‌లను మాత్రమే తగ్గించి, అంచుల్లో ఖాళీ తీసేసింది. పీడీఎఫ్ చేసి, మొదటి పేజీ, మధ్య పేజీ, చివరి పేజీ పెద్దగా చేసి చూపించింది. మూడో పేజీలో తండా ఆమె పేరుకు ఎదురుగా ఆ రెండు లైన్లు ఉన్నాయి: "వైకల్య ధ్రువపత్రం అసలు ప్రతి మూడు రోజులలోగా చూపవలెను. రెండో కౌంటర్‌లో గుమాస్తాను అడగవలెను."

తండా ఆమె తమ్ముడు గట్టిగా చదివాడు.

మేడం గడియారం చూసింది. "ఎనిమిది నిమిషాలు. ఎనిమిది నిమిషాల పని!"

నేను అందుకున్నాను. "వచ్చు మేడం. మంచిగ వచ్చు. వచ్చి గూడ చెయ్యలేదు. రాకపోతే తప్పు అనుకుంటం. వచ్చి చెయ్యకపోతే ఏమనాలె?"

పని రాదని తేలితే దొంగ సర్టిఫికెట్ అనేవాణ్ణి. వచ్చని తేలింది కాబట్టి పొగరు అన్నాను. ఎటు వెళ్ళినా ఆమె తప్పించుకునే దారి నేను ఉంచలేదు. ఆమె కుర్చీలోంచి లేవకుండా తల తిప్పి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందనుకున్నాను. లేదు. సరిచేసిన ఫైలులో ఇంకా ఎక్కడో తప్పుందేమో అని వెతుకుతున్నట్టు చూసింది.

తండా వాళ్ళు ఆమెనే తిట్టారు. తమ్ముడు బల్ల గుద్ది, "మా అక్క నోటికాడి బువ్వ కొట్టినవు గదనే" అన్నాడు. తండా ఆమె ఒక్క మాటే అంది: "నీకు రెండు కాళ్ళున్నయి బిడ్డా. ఒక్క లైను సరిగ పెట్టకపోతివా?"

ఎంపిక మారలేదు. గడువు గడువే అన్నారు పైవాళ్ళు. బాధ్యులపై చర్య తీసుకున్నాం అని రాస్తే చాలన్నారు.

మెమో ఆ సాయంత్రమే తయారుకావాలి. ఆఫీసులో కంప్యూటర్ మీద తెలుగు టైపు వచ్చింది ఆమె ఒక్కతికే. నేను చెబుతుంటే ఆమే కొట్టింది. "నిర్లక్ష్య ధోరణితో" అన్న చోట ఆగి, "ధోరణితోనా, ధోరణి వల్లనా సార్?" అని అడిగింది. "తోనే" అన్నాను. ఒక పేజీలో చక్కగా వచ్చింది. మేడం సంతకం చేసింది. ఆమె తన టిఫిన్ డబ్బా తీసుకుని, కీబోర్డు మీద గుడ్డ కప్పి, బస్సుకు వెళ్ళింది. అనుభవ పత్రం కోసం తర్వాత రెండుసార్లు వచ్చింది. నేను లేనని చెప్పమన్నాను. రెండుసార్లూ లోపలే ఉన్నాను.

తర్వాత నాకు ప్రమోషన్ వచ్చింది, మహబూబ్‌నగర్ వైపు బదిలీ అయింది. సొరుగు ఖాళీ చేస్తుంటే ఆ చిన్నక్షరాల ప్రింటు దొరికింది. చింపలేదు. మంచితనం వల్ల కాదు. చింపాలని చేతుల్లోకి తీసుకుని, ఆమె రాసిన రిమార్కులన్నీ మొదటిసారి చదివాను. తొమ్మిది ఉన్నాయి. తొమ్మిది మందికీ విడివిడిగా ఏ కాగితం, ఏ కౌంటర్‌లో, ఎవరిని అడగాలో రాసింది. మా ఆఫీసులో ఆ గడిలో అంత రాసిన మనిషి మరొకరు లేరు.

నిరుడు జడ్చర్ల బస్టాండులో ఆమె కనిపించింది. కంపెనీ బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళలో, మెడలో కార్డు, తలకు గుడ్డ. మందుల కంపెనీలో ప్యాకింగ్. నేనే దగ్గరికి వెళ్ళాను.

"గుర్తువట్టినవా?"

"గుర్తువట్టక ఏమైంది సార్. బాగున్నరా?"

"కంప్యూటర్ పని చేస్తలేవా?"

"అనుభవం కాగితం అడుగుతరు సార్ అంతట. లేకపోతె ముందటి ఆఫీసుకు ఫోన్ జేస్తరు. మీ ఆఫీసోళ్ళు మెమో సదివి వినిపిస్తరు." మామూలుగానే చెప్పింది. "ఇక్కడ నిలవడి చేసుడు. అలవాటైంది."

"గా లిస్టు మార్చింది నేనే," అన్నాను. ఇన్నేళ్ళలో ఆ మాట మొదటిసారి నోట్లోంచి వచ్చింది.

"తెల్సు సార్. గా దినమే తెల్సు. నేను వొయ్యచ్చేసరికి నా కుర్చీ ఎత్తు మారింది. మీరే గద పొడుగు."

"మరి అందరి ముందట ఎందుకు చెప్పలే?"

ఆమె నన్ను అదే వెతికే చూపుతో చూసింది. "చెప్తె నమ్ముతుండెనా సార్ ఎవలన్న? మీరు చెప్పుమని అడగలే గద, చేసి చూపియ్యుమన్నరు. చేసిన."

ఏం చేయమంటావని అడిగాను. డబ్బు ఇస్తానేమోనని అనుకున్నట్టుంది, చెయ్యి అడ్డంగా ఊపింది. "అందరి ముందట అన్నరు. కాగితం మీద రాసిన్రు. అట్లనే రాయిండ్రి. ఇంక గా కాలు బాగలేని అక్కకు చెప్పుండ్రి. నాకంటే ముందుగాల ఆమెకు." బస్సు వచ్చింది. ఎక్కింది.

తండాకు వెళ్ళాను. ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. చెప్పాను. ఇంకో గింజ తీసి పక్కన పడేసింది. "గా పోరిని నేను తిట్టిన సారూ," అంది. "మీరు పక్కనే ఉంటిరి. నాతోని తిట్టిచ్చిన్రు." నీళ్ళు అడిగినా ఇవ్వలేదు. అది న్యాయమే.

తర్వాత ఉత్తరం రాశాను. జాబితా మార్చింది నేననీ, మేడంకు అబద్ధం చెప్పింది నేననీ, మెమో రద్దు చేసి ఆమెకు అనుభవ పత్రం ఇవ్వాలనీ. చిన్నక్షరాల ప్రింటు జతచేశాను. పాత ఆఫీసుకు స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాను. వచ్చే ఉత్తరాలు తీసుకునే ఇన్‌వర్డ్ సీట్లో ఉన్నతను చదివి, నా ముఖం చూసి, "ఇప్పుడెందుకు సార్ ఇదంత? మేడం రిటైరయింది. గా ఏజెన్సీ గూడ మారింది. ఎవలకు పెట్టాలె ఫైలు?" అన్నాడు. రాసుకో అన్నాను. రిజిస్టర్ తెరిచి తేదీ రాశాడు, నా పేరు రాశాడు, విషయం అన్న చోట "పాత మెమో గురించి" అని రాశాడు. చివరి గడి దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది.

"గా గడిల రాయి," అన్నాను. "ఆపరేటర్ తప్పు లేదు అని రాయి."

"రిమార్కులల్లనా?" నవ్వాడు. "మనోళ్ళు ఎవలు రాస్తరు సార్ అందుల?"

రిజిస్టర్ మూసేశాడు. ఆ ఉత్తరానికి ఇప్పటిదాకా జవాబు రాలేదు. ఆమె ఇంకా జడ్చర్లలో నిలబడే పని చేస్తోంది.